ఎండ పనిలో కొత్త కార్మికుడికి తొలి వారమే గండం

వేసవి నిర్మాణ పనుల్లో వడదెబ్బ ముప్పు కొత్తగా చేరినవారికే అధికం. ఎండకు శరీరం అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అందుకే తొలిరోజు పనివేళలో ఐదో వంతు మాత్రమే ఎండలో పని అప్పగించి, రోజుకు మరో ఐదో వంతు చొప్పున పెంచాలని వృత్తి ఆరోగ్య నిపుణులు సూచిస్తున్నారు. అంటే 8 గంటల పనిలో మొదటి రోజు సుమారు గంటన్నర, రెండో రోజు మూడు గంటలు, ఐదో రోజుకు పూర్తి పని. మిగతా సమయంలో గాలి ఆడే నీడలో తేలికపాటి పనులు ఇవ్వాలి.

దాహం వేయకున్నా ప్రతి 20 నిమిషాలకు గ్లాసు నీరు తాగించాలి. తలనొప్పి, వికారం కనిపిస్తే పని మాన్పించి నీడకు చేర్చాలి. మాట తడబడినా, పొంతన లేకుండా ప్రవర్తించినా వడదెబ్బగానే భావించాలి. చెమట పడుతోందని ఉపేక్షించరాదు. వెంటనే 108కు ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేలోగా ఒంటిని చన్నీటితో తడుపుతూ విసరాలి.