తీర్మానించడమైనది సరే, చేసేదెవరు?

మా అపార్ట్‌మెంట్‌లో 60 ఫ్లాట్లు. సంఘం కార్యదర్శి పని నా మెడకు చుట్టుకున్న రెండో నెలలో, కమిటీ సమావేశం జరిగిన మర్నాడు పొద్దున్నే లిఫ్టులో 401 ఆయన ఎదురుపడ్డారు. మా దగ్గర అందరికీ ఫ్లాటు నంబరే ఇంటిపేరు.

"నిన్న రాలేకపోయానండీ. నీళ్ల సంగతి ఏం తేల్చారు?"

"కొత్త బోరు ఇప్పుడే వద్దనుకున్నామండీ. ముందు పాతదాన్ని ఫ్లషింగ్ చేయించి చూస్తాం. 102 ఆయన మనిషిని పిలిపిస్తానన్నారు. 501 మేడమ్‌కి మాత్రం ఇష్టం లేదు."

నాలుగో అంతస్తు వచ్చేలోపు చెప్పడం అయిపోయింది. ఇంటికొచ్చి, రాత్రి నేనే రాసిన మినిట్స్ పుస్తకం తెరిచాను. అందులో ఇలా ఉంది:

"నీటి సమస్య గురించి కూలంకషంగా చర్చించడమైనది. బోరు విషయమై తగు చర్యలు తీసుకొనుటకు ఏకగ్రీవంగా తీర్మానించడమైనది."

లిఫ్టులో చెప్పిన నాలుగు ముక్కల్లో ఒక్కటీ ఇందులో లేదు. కొత్త బోరా, పాత బోరా? తెలియదు. తగు చర్యలంటే ఏమిటి? తెలియదు. ఎవరు చేస్తారు? తెలియదు. పైగా ఏకగ్రీవం అన్నది అబద్ధం. నోటితో నిజం చెప్పిన మనిషినే పుస్తకంలో ఇలా రాశాను. ఎందుకంటే నాకు ముందున్న కార్యదర్శి అలాగే రాశారు, ఆయనకు ముందున్నాయన కూడా అలాగే రాశారు. పాత పేజీలు చూసి కొత్త పేజీ రాయడమే మినిట్స్ రాయడం అనుకున్నాను.

తప్పంతా ఆ "డమైనది"లో ఉంది. "చర్చించాం" అంటే మేము అన్న అర్థం క్రియలోనే ఉంటుంది. "పిలిపిస్తానన్నారు" అంటే ఎవరు అని అడగాలనిపిస్తుంది, వాక్యం జవాబు చెప్పి తీరాలి. "తీర్మానించడమైనది" అన్నప్పుడు అడగాలనే అనిపించదు. బడిలో కర్త, కర్మ, క్రియ అని నేర్పిన మూడింట్లో క్రియ ఒక్కటే మిగిలి, పని దానంతటదే జరిగిపోయినట్టు ఉంటుంది. దానికి "సంబంధిత వారితో", "తగు చర్యలు", "త్వరలో" తోడైతే ఇక పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

అయితే ఈ భాషకు దాని చోటు దానికుంది. బ్యాంకు ఖాతాలో సంతకాలు మార్చాలంటే, మేనేజరు అడిగేది తీర్మానం నకలు. అక్కడ "సభ తీర్మానించింది" అనే రాయాలి. ఎందుకంటే నిర్ణయం నిజంగానే సభది, ఏ ఒక్కరిదీ కాదు. చిక్కల్లా ఆ నిర్ణయం వెనకాల వచ్చే పనిని కూడా సభకే అప్పగించినప్పుడు. సభ ఫోన్ చెయ్యదు. సభ కొటేషన్ తేదు. కాబట్టి నిర్ణయానికి కర్త సభ, పనికి కర్త ఒక మనిషి. తిరగరాసేటప్పుడు ఈ రెండింటినీ విడదీస్తే సగం పని అయిపోతుంది.

ఆ రోజు గదిలో జరిగింది ఇదీ. దాదాపు గంటసేపు నీళ్ల గురించే మాట్లాడాం. ఎండలు ముదరకముందే ట్యాంకర్లు మొదలయ్యాయి. కొత్త బోరు వేద్దామని ఇద్దరన్నారు. దానికి వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలని ఒకరు గుర్తుచేశారు. పక్క స్థలంలో వేసిన రెండు బోర్లలోనూ నీళ్లు పడలేదని 304 ఆయన చెప్పాక గది కాస్త చల్లబడింది. పాత బోరులో పూడిక చేరి ఉండొచ్చు, కంప్రెసర్ పెట్టి ఫ్లషింగ్ చేయిద్దాం, తక్కువలో పోతుంది అని 102 ఆయన అన్నారు. వేసవి మధ్యలో ఇది కాలయాపన అని 501 మేడమ్. ఖర్చెంత వరకు నేను ఇవ్వొచ్చు అని కోశాధికారి. మధ్యలో ఎవరి కారు ఎవరి స్థలంలో పెట్టారన్న గొడవ ఓ పావుగంట.

దీన్ని జరిగిన వరసలో రాస్తే నాలుగు పేజీలవుతుంది, ఎవరూ చదవరు. 401 ఆయనకు చెప్పిన వరసలో రాయాలి. అంటే ముందు ఏం తేలిందో, తర్వాత ఎందుకో, ఆ తర్వాత ఎవరు ఎప్పటికి చేస్తారో. ఆ పూటే తిరగరాశాను:

"నీళ్లు: కొత్త బోరు ఇప్పుడే వెయ్యకూడదని, ముందు పాత బోరును ఫ్లషింగ్ చేయించి చూడాలని కమిటీ నిర్ణయించింది. పక్క స్థలంలో రెండు బోర్లూ విఫలమయ్యాయని 304 చెప్పడం ఇందుకు ముఖ్య కారణం. ఫ్లషింగ్ చేసేవాళ్లను పిలిపించి రేటు మాట్లాడే పని 102 తీసుకున్నారు, మార్చి 14 శనివారం లోపు. ఖర్చు 25 వేలు దాటకపోతే కోశాధికారి నేరుగా చెల్లిస్తారు, దాటితే కమిటీని అడుగుతారు. ఫ్లషింగ్ తర్వాత కూడా నీళ్లు పెరగకపోతే కొత్త బోరు విషయం జనరల్ బాడీ ముందు పెట్టాలి. 501 ఈ నిర్ణయంతో ఏకీభవించలేదు. వేసవిలో సమయం వృథా అవుతుందని ఆమె అభిప్రాయం."

ఇందులో కారణం ఒక్కటే రాశాను. గదిలో అరడజను కారణాలు వినిపించాయి, కానీ మనసులు మార్చింది ఆ ఒక్కటే. ఆరు నెలల తర్వాత "అప్పుడే బోరు వేసుండాల్సింది" అని ఎవరైనా అంటే, అప్పుడెందుకు వెయ్యలేదో ఆ ఒక్క వాక్యం చెబుతుంది. 25 వేల హద్దు కూడా అందుకే. అది రాయకపోతే కోశాధికారి ప్రతి రశీదుకూ ఫోన్ చేస్తారు, లేదా ఎవరినీ అడగకుండా ఇచ్చేసి మాట పడతారు.

అసమ్మతి రాయడం దగ్గర చాలామంది వెనకాడతారు, గొడవను అచ్చులో పెట్టినట్టుంటుందని. కంపెనీల సంగతి చూడండి. 2013 కంపెనీల చట్టంలో 118వ సెక్షన్, బోర్డు సమావేశంలో ఏ తీర్మానానికి ఏ డైరెక్టరు ఒప్పుకోలేదో పేరు రాయాలంటుంది. అదే సెక్షన్ ఒకరి పరువుకు నష్టం కలిగించేవీ, విషయానికి సంబంధం లేనివీ రాయకూడదని కూడా అంటుంది. మా సంఘానికి ఆ చట్టం వర్తించదు గానీ, ఆ గీత మాకూ పనికొచ్చింది. 501 మేడమ్ అభ్యంతరం పుస్తకంలోకెక్కింది, కారు గొడవ ఎక్కలేదు. గదిలో జరిగినట్టు రాయడమంటే ఎవరి గొంతు ఎంత లేచిందో రాయడం కాదు.

నీళ్ల అంశం తేలిగ్గానే దారికొచ్చింది. అసలు ఇబ్బంది తర్వాతి అంశంతో. "లిఫ్టు తరచూ ఆగిపోవుటపై సంబంధిత వారితో మాట్లాడుటకు తీర్మానించడమైనది." దీనికి కర్తను వెతకబోతే నా నోట్సులోనూ లేడు, జ్ఞాపకంలోనూ లేడు. "ఎవరో ఒకరు ఫోన్ చెయ్యండయ్యా" అని అధ్యక్షులన్నారు, అందరూ తలూపారు, తర్వాతి అంశానికి వెళ్లిపోయాం. "డమైనది" ఆ ఖాళీని నున్నగా కప్పేసింది.

ఇలాంటి చోట రాసేవాడికి ఒక దురాశ పుడుతుంది. అధ్యక్షులే అన్నారు కదా, ఆయన పేరే రాసేద్దాం అని. లేదా మామూలుగా ఇలాంటివి చూసేది 203 ఆయనే కదా, ఆయన పేరు పెడదాం అని. చదవడానికి చక్కగా ఉంటుంది, కానీ అది గదిలో జరగలేదు. ఒప్పుకోని మనిషి పేరు రాస్తే ఆయన పని చెయ్యరు, పైగా మిగతా పేజీ మీద కూడా నమ్మకం పోతుంది. నేను ముందు "లిఫ్టు కంపెనీతో ఎవరు మాట్లాడాలో తేలలేదు" అని రాశాను. రాశాక ఆ వాక్యం చూడటానికి ఎంత అసహ్యంగా ఉందంటే, వెంటనే అధ్యక్షులకు ఫోన్ చేశాను. "నేనే మాట్లాడతాలెండి, రాసుకోండి" అన్నారు. అప్పుడు దాని కింద "సమావేశం తర్వాత ఈ పని అధ్యక్షులు తీసుకున్నారు" అని చేర్చాను. "సమావేశం తర్వాత" అన్న ఆ రెండు మాటలూ తీసేస్తే వాక్యం అందంగానే ఉంటుంది, నిజంగా ఉండదు.

ఇంకో తంటా మన మాటతీరుతో. మన సమావేశాల్లో "కాదు" అని ఎవరూ అనరు, "చూద్దాం" అంటారు. "ఆలోచిద్దాం" అంటే చాలాసార్లు వద్దనే. "కనుక్కుందాం" అన్నప్పుడు ఆ "మనం"లో అందరూ ఉంటారు కాబట్టి ఎవరూ ఉండరు. మొక్కల కుండీల సంగతికి ఆ రోజు వచ్చిన జవాబు "చూద్దాంలెండి" ఒక్కటే. దాన్ని నేను "పరిశీలించుటకు తీర్మానించడమైనది" అని రాశాను. కుండీలు అడిగిన ఆవిడ అది చూసి మంజూరైందనుకునే ప్రమాదముంది. తిరగరాసినప్పుడు "ప్రస్తావన వచ్చింది, నిర్ణయం తీసుకోలేదు" అని పెట్టాను. ఇప్పుడైతే "చూద్దాం" వినగానే గదిలోనే అడుగుతున్నాను: "చేద్దామని రాసుకోనా, వద్దని రాసుకోనా, వచ్చే నెలకు వెయ్యనా?" మొదట్లో కాస్త మొహమాటంగా ఉండేది.

ఈ అయోమయం మన అపార్ట్‌మెంట్లకే పరిమితం కాదులెండి. బ్రిటిష్ మంత్రివర్గం 1916 దాకా అసలు మినిట్స్ లేకుండానే నడిచింది. నిన్న ఏం నిర్ణయించామో మంత్రులకే సరిగ్గా తెలియని సందర్భాలు ఉండేవట. ఆ ఏడాది డిసెంబరులో లాయిడ్ జార్జ్ ప్రధాని అయ్యాకే మారిస్ హాంకీ కార్యదర్శిగా కూర్చుని రాయడం మొదలుపెట్టారు.

తిరగరాసిన పేజీని గ్రూపులో పెట్టే ముందు, అందులో పేరున్న వాళ్లకు మాత్రం పంపాను, ఒక్క రోజు గడువుతో. 102 ఆయన తేదీ సరిచూసుకుని సరేనన్నారు. కోశాధికారి 25 వేలు జీఎస్టీ కాకుండానా, కలిపా అని అడిగారు. గదిలో ఆ మాటే రాలేదు కాబట్టి దాన్ని వచ్చే సమావేశానికి రాసుకున్నాను. 501 మేడమ్ తన వాక్యం తీసేయమన్నారు, అందరిలో తగువులమారిలా కనబడతానని. జ్ఞాపకం తప్పయితే దిద్దుతాను, మనసు మారితే మాత్రం దిద్దలేనండీ అని చెప్పాను. చివరికి "సమయం వృథా" అన్నది "ట్యాంకర్ల ఖర్చు పెరుగుతుంది" అయింది. ఆవిడ నిజంగా అన్నది అదేనని నా నోట్సు చూస్తే నాకే తెలిసింది.

ఫ్లషింగ్ అయింది, 25 వేల లోపే. కొన్నాళ్లు నీళ్లు మెరుగ్గా వచ్చి మే నెలలో మళ్లీ తగ్గాయి. అనుకున్నట్టే కొత్త బోరు విషయం జనరల్ బాడీకి వెళ్లింది. అక్కడ మొదట లేచింది 501 మేడమే. "సెక్రటరీ గారూ, మార్చి పేజీ తీసి నా వాక్యం చదవండి" అన్నారు. చదివాను.