ఆ నాలుగు ఎక్కడిది?

పరీక్ష నాలుగు రోజులుందనగా మా చెల్లెలి కూతురు పుస్తకాల సంచీతో మా ఇంట్లో దిగింది. డిగ్రీ రెండో ఏడు, ఆప్టిక్స్ పేపరు. హాస్టల్లో రాత్రిళ్ళు కరెంటు ఉండటం లేదన్నది పైకి చెప్పిన మాట. ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ పాఠాలు చెప్పి రిటైరైన మావయ్య ఉన్నాడన్నది లోపలి మాట. విశాఖలో మా డాబా మీదికెక్కితే తూర్పున సముద్రం, పడమట కొండలు. చదువుకోవడానికి అంతకన్నా పనికిరాని చోటు ఇంకోటి లేదు.

"ఆకాశం నీలం సంగతి ఏం రాస్తావే?" అన్నాను, కాఫీ గ్లాసు అందిస్తూ.

"అదా! ఇంటర్ నుంచీ వచ్చు మావయ్యా. పరిక్షేపణ తీవ్రత తరంగదైర్ఘ్యం నాలుగో ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుంది. నీలానికి తరంగదైర్ఘ్యం తక్కువ, కాబట్టి అది ఎక్కువ చెదురుతుంది. రేలీ, 1871." ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పింది.

ఈ జవాబుకి నేనూ ఏళ్ళ తరబడి మార్కులు వేశాను. ఇప్పుడు వేసే పని లేదు కాబట్టి అడిగాను. "నాలుగే ఎందుకు? మూడు ఎందుకు కాలేదు? పోనీ, ఊదా తరంగదైర్ఘ్యం నీలం కంటే తక్కువ కదా, మరి ఆకాశం ఊదాగా ఎందుకు లేదు?"

కాఫీ చల్లారిపోయింది గానీ జవాబు రాలేదు.

ఆ రాత్రి కరెంటు మా వీధిలోనే పోయింది. ఎలాగూ చీకటే కదా అని, లీటరు గాజు సీసా నిండా నీళ్ళు పట్టి రెండు చెంచాల పాలు పొయ్యమన్నాను. సీసా అడుగున ఫోను టార్చి పెట్టింది. నీళ్ళన్నీ తెల్లగా వెలిగాయి, అంతే. "నీలం లేదు, ఏమీ లేదు," అని పెదవి విరిచింది. తప్పు పాలలో లేదు, కొలతలో ఉంది. పాలు ఎక్కువైతే ఒక రేణువు చెదరగొట్టిన వెలుగును ఇంకోటి పట్టుకుని మళ్ళీ చెదరగొడుతుంది. అలా పదిసార్లు చేతులు మారేసరికి అన్ని రంగులూ కలిసిపోయి తెలుపే మిగులుతుంది. సీసా కడిగించి ఈసారి వెన్న తీసిన పాలు నాలుగైదు చుక్కలు వెయ్యమన్నాను. వెన్న ముద్దలు పెద్దవి, అవి రంగు చూడకుండా అన్నిటినీ చెదరగొడతాయి. వెన్న పోయాక మిగిలే ప్రొటీను రేణువులు చాలా చిన్నవి, మనకు కావలసినవి అవే.

ఈసారి పక్క నుంచి చూస్తే నీళ్ళలో పలచని నీలి పొగలాంటి వెలుగు. మూతి వైపు నుంచి తొంగి చూస్తే టార్చి బల్బు పసుపు పచ్చగా ఉంది. ఇంకో రెండు చుక్కలు వేస్తే నారింజకు తిరిగింది. పక్క నుంచి ఒకసారి, పై నుంచి ఒకసారి, మళ్ళీ పక్క నుంచి. తన మెడ నొప్పి పుట్టేదాకా చూసింది.

"అంటే సూర్యుడి వైపు కాకుండా పక్కకి చూసినప్పుడు, నా కంటికి వచ్చేది సూర్యుడి నుంచి తిన్నగా వచ్చిన వెలుగు కాదు. దారిలో పక్కకి తప్పిన వెలుగు."

అదీ మొదటి మెట్టు. గాలే లేకపోతే పక్కకు తప్పించేవాడే ఉండడు. చంద్రుడి మీద పట్టపగలు ఆకాశం నల్లగా ఉండేది అందుకే.

"కానీ ఇక్కడ పాల రేణువులున్నాయి. గాలిలో ఏమున్నాయి, దుమ్మా?" అంది.

మంచి అనుమానం. పంతొమ్మిదో శతాబ్దంలో టిండాల్ అంతటివాడే గాలిలో సన్నటి రేణువులేవో తేలుతూ ఉంటాయనుకున్నాడు. రేలీ కూడా 1871లో లెక్క కట్టినప్పుడు 'చిన్న రేణువులు' అన్నాడు గానీ అవి ఏమిటో తేల్చలేదు. తేల్చింది 1899లో. ఆ వ్యాసంలో నాకు ఇష్టమైన చోటు ఒకటుంది. డార్జిలింగ్ దగ్గర నుంచి, సుమారు వంద మైళ్ళ దూరాన ఉన్న ఎవరెస్టు శిఖరం బాగానే కాంతివంతంగా కనిపించడం తనకు గుర్తుందని అంటాడు. అంత దూరం గాలిని దాటి కూడా వెలుగు అంతగా తగ్గలేదు. ఏ దుమ్మూ లేకుండా ఉత్త గాలి అణువులే ఎంత వెలుగును చెదరగొట్టగలవో లెక్క వేసి, కంటికి కనిపించినదానితో పోల్చుకుంటే, చెదిరే వెలుగులో పెద్ద భాగానికి అణువులే చాలునని తేలింది. దుమ్ము అక్కర్లేదు. నిజానికి దుమ్ము పెరిగితే నీలం పెరగదు, పాలు ఎక్కువైన సీసాలాగా వెలిసిపోతుంది. వానపడి వెలిసిన మర్నాడు ఆకాశం ముదురు నీలంగా ఉండటం అందరూ చూసిందే.

"సరే, అణువులే. మరి ఆ నాలుగు?"

మర్నాడు పొద్దున ఆమె చేతికి సగం నిండిన నీళ్ళ సీసా ఇచ్చాను. "జానెడు మేర అటూ ఇటూ ఊపు. ఇప్పుడు అదే జానెడు, రెండింతలు త్వరగా ఊపు."

"చెయ్యి లాగుతోంది మావయ్యా."

"ఎంత ఎక్కువ లాగుతోంది?"

సీసా పక్కన పెట్టి కాగితం తీసింది. కదిలే దూరం మారలేదు, పట్టే కాలం సగమైంది. కనుక వేగం రెండింతలు. ప్రతి కొసన వేగాన్ని ఆపి వెనక్కి తిప్పాలి. తిప్పవలసిన వేగం రెండింతలు, తిప్పడానికి ఉన్న వ్యవధి సగం. అంటే త్వరణం నాలుగింతలు.

కాంతి అంటే దడదడలాడే విద్యుత్ క్షేత్రం. అది గాలి అణువును తాకినప్పుడు అందులోని ఎలక్ట్రాన్లు అదే లయలో అటూ ఇటూ ఊగుతాయి. ఊగే ఆవేశానికి త్వరణం ఉంటుంది, త్వరణమున్న ఆవేశం కాంతిని వెదజల్లుతుంది. వెదజల్లిన తరంగం ఎత్తు త్వరణాన్ని బట్టి ఉంటుంది. ఇక్కడిదాకా ఆమె పాఠంలోనూ ఉంది.

"లయ రెండింతలైతే త్వరణం నాలుగు. తరంగం ఎత్తు నాలుగు. కానీ కంటికి తెలిసేది ఎత్తు కాదు, తీవ్రత..." పెన్ను ఆగింది. "తీవ్రత ఎత్తుకి వర్గం. నాలుగు నాలుగులు పదహారు. రెండుకి నాలుగో ఘాతం!"

ముప్పై ఏళ్ళలో ఆ ముఖం నేను ఎన్నిసార్లు చూశానో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఒక రెండు త్వరణంలోంచి వచ్చింది, ఇంకో రెండు వర్గంలోంచి వచ్చింది. ఆ నాలుగు ఎవరో పెట్టిన సంఖ్య కాదు, రెండు రెళ్ళు.

వెంటనే రంగులకు వేసి చూసుకుంది. ఎరుపు 650 నానోమీటర్లు, నీలం 450. భాగిస్తే 1.44. దాన్ని నాలుగో ఘాతానికి హెచ్చిస్తే సుమారు 4.3. అంటే ఎరుపు కంటే నీలం నాలుగింతలకు పైగా చెదురుతుంది. ఈ లెక్కకు రెండు షరతులున్నాయి. మొదటిది, ఏ రంగు వెలుగైనా ఎలక్ట్రాన్లను దాదాపు అంతే మేర ఊపాలి. గాలి అణువుల సహజమైన లయ కంటికి కనిపించే వెలుగు కంటే చాలా త్వరితం, అతినీలలోహితంలో ఎక్కడో ఉంటుంది, కాబట్టి కనిపించే రంగులన్నిటికీ అవి ఒకేలా లొంగుతాయి. రెండోది, రేణువు తరంగం కంటే చాలా చిన్నదై ఉండాలి. నైట్రోజన్ అణువు నానోమీటరులో మూడో వంతు. నీలం తరంగం ముందు అది వెయ్యి రెట్లకు పైగా చిన్నది. మబ్బులోని నీటి బిందువు అలా కాదు, తరంగానికి ఇరవై రెట్లు ఉంటుంది. అందుకే మబ్బుకి ఈ నాలుగు వర్తించదు, అది తెల్లగా ఉంటుంది.

సాయంత్రం సూర్యుడు కొండల మీదికి వాలాక నా పోలరాయిడ్ కళ్ళజోడు తీసుకుని డాబా ఎక్కింది. ధ్రువణం పాఠంలో ఒక పంక్తి ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. ఊగే ఆవేశం తను ఊగే దిక్కుకు వెలుగు పంపదు, పక్కలకే పంపుతుంది. మరి సూర్యకిరణాలకు లంబంగా ఉన్న చోట నుంచి వచ్చే వెలుగులో ఒకే దిక్కు ఊపు మిగలాలి. పడమట దిగుతున్న సూర్యుడికి లంబమంటే సరిగ్గా నడినెత్తి. కళ్ళజోడును కంటి ముందు పట్టుకుని తల వెనక్కి వాల్చి, మెల్లగా తిప్పింది. పావు చుట్టు తిప్పేసరికి నీలం చిక్కబడి చీకటి పడ్డట్టయింది. ఇంకో పావుకి మళ్ళీ వెలిగింది. సూర్యుడికి దగ్గరి ఆకాశం వైపు తిరిగి అలాగే చేస్తే పెద్దగా మార్పు లేదు.

"ఇది పుస్తకంలోదే," అంది, ఫిర్యాదు చేస్తున్నట్టు.

ఆ సముద్రం వైపు చూస్తూ రామన్ సంగతి చెప్పాను. చిన్నప్పుడు ఈ ఊళ్ళోనే చదువుకున్నవాడు. సముద్రం నీలం ఆకాశపు ప్రతిబింబమేనని రేలీ అన్న మాట 1921లో ఆయనకు నచ్చలేదు. ఇంగ్లండు నుంచి నర్కుండా ఓడలో తిరిగి వస్తూ, నికోల్ పట్టకం పట్టుకుని నీటి మీద ప్రతిఫలించే వెలుగును అడ్డగించి చూశాడు. నీలం పోలేదు, ఇంకా బాగా కనిపించింది. నీరూ తనంతట తాను వెలుగును చెదరగొడుతుందన్నాడు. నీళ్ళు ఎరుపును పీల్చుకోవడం కూడా అందులో కలిసి ఉందనుకోండి, అది వేరే కథ.

ఊదా మాట మిగిలిపోయింది. నిద్రపోయే ముందు అదీ తేలింది. ఊదా ఎక్కువే చెదురుతుంది, కానీ సూర్యుడు పంపేదే నీలం కంటే తక్కువ. పైగా మన కంటికి ఊదా చాలా మందంగా ఆనుతుంది. ఆకాశం నుంచి వచ్చేది ఒట్టి నీలం కాదు, అన్ని రంగులూ ఉన్న తెలుపే, నీలం వైపు మొగ్గినది. ఆ మొగ్గును కన్ను నీలమని చదువుకుంటుంది. అదే కుక్కకో తేనెటీగకో వేరే రంగుగా తోచవచ్చు.

పరీక్షలో న్యూటన్ వలయాలు వచ్చాయి, గ్రేటింగ్ వచ్చింది. ఆకాశం మాటే లేదు. ఫోన్ చేసి ఆ సంగతి చెప్పి, కళ్ళజోడు తన దగ్గరే ఉందని, ఇప్పట్లో పంపనని కూడా చెప్పింది.