కారులో మూడు సీట్లు ఖాళీ

ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు అడుగుతారు: ‘కూకట్‌పల్లి వైపు నుంచి ఎవరైనా వస్తున్నారా? కార్‌పూల్ చేద్దాం.’ అరగంటలో పది బొటనవేళ్లు పైకి లేస్తాయి. కొత్త గ్రూపు పుడుతుంది, దానికో పేరు కూడా పెడతారు. నెల తిరిగేసరికి అందులో పండగ శుభాకాంక్షలు తప్ప మరేమీ కనిపించవు. కార్లు మాత్రం ఎప్పటిలాగే ఒక్కో మనిషితో గచ్చిబౌలి సిగ్నల్ దగ్గర ఆగి ఉంటాయి.

లోపం మనుషుల్లో కాదు, మెసేజ్‌లోనే ఉంది. ‘కూకట్‌పల్లి వైపు’ అంటే ఒకరికి మూసాపేట, ఇంకొకరికి ప్రగతినగర్. ఒకరు తొమ్మిదిన్నరకి సీట్లో ఉండాలి, మరొకరి షిఫ్టు పదకొండుకి మొదలవుతుంది. పది మంది ‘నేనూ వస్తా’ అన్నారంటే ఆ మెసేజ్ ఎవరినీ వడపోయలేదని అర్థం. కావలసింది పది మంది కాదు, ఒకే దారిలో ఒకే వేళకి వెళ్లే ముగ్గురు.

హైదరాబాద్‌లో ఈ అవసరం ఎక్కువగా కనిపించేది ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దారిలో. ఐటీ కారిడార్ వైపు వచ్చే మెట్రో రాయదుర్గంలోనే ఆగిపోతుంది, అక్కడి నుంచి ఆఫీసు చేరాలంటే మరో బండి ఎక్కాలి. అందుకే చాలామంది సొంత కారే తీస్తారు. నిజాంపేటలో ఉంటూ అక్కడ పనిచేసే ఒక ఉద్యోగినే ఉదాహరణగా అనుకుందాం. ఇల్లు విడిచి ఆఫీసు చేరడానికి సుమారు 18 కిలోమీటర్లు. ఆమె ఆఫీసు గ్రూపులో పెట్టే మెసేజ్ ఇలా ఉంటే సరిపోతుంది:

‘సోమవారం నుంచి నిజాంపేట – ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ కార్‌పూల్. మూడు సీట్లు ఉన్నాయి. రూటు: జేఎన్‌టీయూ, హైటెక్ సిటీ రైల్వే స్టేషన్, బయోడైవర్సిటీ, గచ్చిబౌలి, విప్రో సర్కిల్. ఎక్కే చోట్లు: నిజాంపేట క్రాస్‌రోడ్స్ 8.10, జేఎన్‌టీయూ సిగ్నల్ దాటాక 8.20, హైటెక్ సిటీ స్టేషన్ 8.35. మూడు నిమిషాలు ఆగుతాను. సాయంత్రం 6.15కి ఆఫీసు గేటు దగ్గర బయల్దేరతాం. రానుపోను 80 రూపాయలు, స్టేషన్ దగ్గర ఎక్కేవాళ్లకి 50. ఒకవైపే వస్తే సగం. రాని రోజు ముందురాత్రి 9 లోపు చెప్పాలి, చెప్పకపోతే ఆ రోజు డబ్బు కట్టాలి. ఎక్కడ ఎక్కుతారో, వారంలో ఏయే రోజులు వస్తారో నాకు విడిగా రాయండి.’

ఇందులో ఎక్కే చోట్లు మూడే. మూడూ కారు ఎలాగూ వెళ్లే దారిలోనే ఉన్నాయి, ఎవరి గుమ్మం దగ్గరా లేవు. ‘మా అపార్ట్‌మెంట్ లోపలికి రెండు నిమిషాలే’ అనేవాళ్లు ఉంటారు. కానీ లోపలికి వెళ్లి, కారు తిప్పుకుని, మళ్లీ మెయిన్ రోడ్డెక్కడానికి ఉదయం పూట పది నిమిషాలు పోతాయి. ఆ పది నిమిషాలు కారులో ఉన్న అందరివీ. ఎక్కే చోటు కారు వచ్చే వైపునే ఉండాలన్నది మరో నియమం. రోడ్డుకి అవతల నిలబడి చెయ్యూపితే ఒకరు రోడ్డు దాటాలి, లేదా కారు యూటర్న్ కోసం ముందుకి పోవాలి. జేఎన్‌టీయూ దగ్గర ‘సిగ్నల్ దాటాక’ అని రాయడానికీ కారణముంది. సిగ్నల్‌కి ముందు ఆగితే వెనక బండ్ల హారన్లు మోగుతాయి, ఎక్కించుకునే లోపు పచ్చలైటు పోతుంది, అదే సిగ్నల్ దగ్గర మళ్లీ ఆగాలి.

టైము విషయంలో ఆఫీసు చేరే వేళ రాయకపోవడం మేలు. అది ట్రాఫిక్ చేతిలో ఉంటుంది. బయల్దేరే వేళ మాత్రం మన చేతిలోదే. మూడు నిమిషాల గడువు వినడానికి కఠినంగా ఉంటుంది గానీ, మొదటి చోట అయిదు నిమిషాలు ఆగితే మూడో చోట నిలబడ్డ మనిషికి అది చాలాసార్లు పావుగంట అవుతుంది. ఉదయం కన్నా సాయంత్రమే చిక్కు. ఆఖరి నిమిషంలో మీటింగ్ పడుతుంది, ‘ఇదిగో వచ్చేస్తున్నా’ అంటూ అరగంట గడుస్తుంది. అందుకే ఒకవైపు ప్రయాణానికి సగం ధర అని ముందే రాసుకోవాలి. ఆలస్యమయ్యే మనిషి అయిదున్నరకే ఆ మాట చెప్పేసి, రాయదుర్గం వెళ్లి మెట్రో ఎక్కుతాడు. మిగతావాళ్లు 6.15కే కదులుతారు.

ఇక డబ్బు. రానుపోను 36 కిలోమీటర్లు. ట్రాఫిక్‌లో లీటరుకి 12 కిలోమీటర్లు వస్తుందనుకుంటే రోజుకి 3 లీటర్లు. లీటరు 107 రూపాయలు అనుకుంటే 321 రూపాయలు. నడిపే మనిషితో కలిపి నలుగురికి పంచితే తలా 80. సగం దారిలో ఎక్కేవాళ్లకి దూరాన్ని బట్టి 50.

ఇంతవరకూ ఎవరికీ పేచీ ఉండదు. పేచీ వచ్చేది ఎవరైనా రాని రోజున. ‘ఆ రోజు ఎంతమంది ఉంటే అంతమందికి పంచుదాం’ అనడం న్యాయంగానే వినిపిస్తుంది. కానీ ఇద్దరు సెలవు పెట్టిన రోజున మిగిలిన ఒక్కరి వాటా 160 అవుతుంది. ఇతరుల సెలవుకి తాను డబ్బు కట్టడమేమిటని ఆ మనిషి మెల్లగా తప్పుకుంటాడు. సీటు ధర మారకుండా ఉంచి, ఖాళీ సీటు భారం కారు గలవాళ్లే మోయడం సులువైన పద్ధతి. వాళ్లు ఎలాగూ ఆ రోజు కారు తీసేవాళ్లే కదా.

నెల లెక్క చూస్తే ఈ పద్ధతిలో వాళ్లకీ నష్టం లేదని తెలుస్తుంది. 22 పనిదినాలకి పెట్రోలు ఖర్చు 7,062 రూపాయలు. ఒకరు 20 రోజులు వచ్చి 1,600, ఇంకొకరు 15 రోజులు వచ్చి 1,200, స్టేషన్ దగ్గర ఎక్కే మనిషి 18 రోజులు వచ్చి 900 ఇచ్చారు. మొత్తం 3,700. అన్ని గైర్హాజరీలు పోను కారు గల ఉద్యోగి జేబులోంచి పోయింది 3,362 రూపాయలు, ఒంటరిగా వెళ్తే అయ్యేదానిలో సగం కన్నా తక్కువ. రోజువారీ చిల్లర వసూళ్లు లేకుండా, ఎవరు ఏ రోజు వచ్చారో ఒక షీటులో గుర్తుపెట్టుకుని నెలాఖరున యూపీఐలో తీసుకుంటే అడగడంలో మొహమాటమూ ఉండదు.

సీటు ధరను పెట్రోలు ఖర్చు దాటనివ్వకపోవడానికి మర్యాద ఒక్కటే కారణం కాదు. తెల్ల నంబరు ప్లేటు కారు సొంత వాడకానికే. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ప్రయాణికులను కిరాయికి తిప్పే బండికి పర్మిట్ ఉండాలి. 2019 సవరణ తర్వాత పర్మిట్ లేకుండా తిప్పితే మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా పడవచ్చు. ప్రైవేటు కారు బీమా పాలసీలో కూడా కిరాయి వాడకం వర్తించదనే షరతు ఉంటుంది. ఖర్చు పంచుకోవడానికీ కిరాయికీ మధ్య చట్టం స్పష్టమైన గీత గీయలేదు. కాబట్టి లాభం మిగిలేలా ధర పెట్టడం, రోజుకో కొత్త మనిషిని ఎక్కించుకోవడం ప్రమాదం దగ్గరికి తీసుకెళ్తాయి. ఒకే ఆఫీసువాళ్లు, ఎప్పుడూ అదే ముగ్గురు, పెట్రోలు లెక్క అందరికీ కనిపించే షీటు ఉంటే చెప్పుకోవడానికి ఒక ఆధారమైనా ఉంటుంది.

రెండు వారాలు నడిచాక ఆ షీటులోనే మరో సంగతి బయటపడుతుంది. ఎక్కువసార్లు కారు ఆగాల్సి వస్తున్నది ఏ చోట? అది స్టేషన్ దగ్గరే అయితే, అక్కడి మనిషి ఆలస్యంగా వస్తున్నాడా, లేక 8.35 అన్న అంచనాయే తప్పి కారు రోజూ 8.42కి చేరుతోందా అన్నది చూడాలి. రెండోదైతే మెసేజ్‌లో టైము మార్చి మళ్లీ పెట్టాలి. మొదటిదైతే ఆ మనిషితో విడిగా మాట్లాడాలి, గ్రూపులో కాదు.