కరెంటు పోయినా చోటు మరవని మోటారు

సీఎన్‌సీ లేత్‌లో కరెంటు పోయి వచ్చాక టూలు ఎక్కడ ఆగి ఉందో కంట్రోలరుకు తెలియాలి. ఆ సంగతి చెప్పేది సర్వో మోటారు వెనక మూతలో దాగి ఉండే చిన్న పరికరం.

ఈ కుటుంబంలో పెద్దది రిజాల్వర్. రెండో ప్రపంచ యుద్ధం నాటికే ఫిరంగుల గురి లెక్కగట్టే యంత్రాల్లో ఉంది. లోపల ఉన్నది రాగి తీగ, ఇనుమే. ఒక చుట్టకు ఏసీ ఇస్తే, ఒకదానికొకటి లంబంగా అమర్చిన మరో రెండు చుట్టల్లో షాఫ్టు కోణపు సైన్‌కు, కొసైన్‌కు తగిన వోల్టేజీలు పుడతాయి. ఆ రెంటినీ కలిపి చూస్తే కోణం తేలుతుంది. వేడికీ అదురుకూ తట్టుకుంటుంది కనుకనే ఎన్నో ఎలక్ట్రిక్ కార్ల మోటార్లలో నేటికీ అదే ఉంది.

ఇంక్రిమెంటల్ ఎన్‌కోడర్ దారి వేరు. 2,500 గీతలున్న గాజు చక్రం కాంతికి అడ్డంగా తిరుగుతుంటే ఏ, బీ అనే రెండు పల్సులు పావు వంతు ఎడంతో వస్తాయి. ఏది ముందొస్తే తిరుగుడు ఆ దిశలో ఉన్నట్టు. రెంటి అంచులన్నీ లెక్కిస్తే చుట్టుకు 10,000. మోటారుకు నేరుగా బిగించిన స్క్రూ చుట్టుకు 10 మిల్లీమీటర్లు జరిపితే, ఒక్కో లెక్క ఒక మైక్రాను. చవకలో ఇంత సూక్ష్మత మెచ్చదగ్గదే. కానీ కళ్లు మూసుకుని అడుగులు లెక్కపెట్టే మనిషి వంటిది ఇది. కరెంటు పోతే లెక్క పోతుంది, మళ్లీ హోమింగ్ చేయాలి.

దొంగ పల్సులు మరో బెడద. ఎన్‌కోడర్ కేబుల్ షీల్డు సరిగా ఎర్తు కాకపోతే పక్కనున్న పవర్ కేబుల్ రొద లెక్కలో కలుస్తుంది. సైజు కొద్దికొద్దిగా తప్పుతూ, హోమింగ్ చేయగానే సరైపోతుంటే అనుమానం ఇటే పోవాలి. చుట్టుకు ఒక్కసారి వచ్చే జెడ్ పల్సు ఉన్నది ఇందుకే: ఒక జెడ్ నుంచి మరో జెడ్‌కు 10,000 రావలసిన చోట 10,003 వస్తే స్క్రూ విప్పకండి, కేబుల్ చూడండి.

ఆబ్సల్యూట్ ఎన్‌కోడర్ చక్రం మీద ప్రతి స్థానానికీ సొంత సంకేతం ఉంటుంది. మామూలు ద్వియాంశంలో 3 నుంచి 4కు వెళ్తే 011 కాస్తా 100 అవుతుంది. మూడు అంకెలూ ఒకేసారి మారాలి. ఒకటి ఆలస్యమైనా తప్పు స్థానం చదువుతుంది. బెల్ ల్యాబ్స్‌లో టెలిఫోను సంకేతాల కోసం ఫ్రాంక్ గ్రే 1947లో పేటెంటుకు పెట్టిన కోడ్‌లో 010 తర్వాత 110 వస్తుంది. మారేది ఒక్క అంకే, కాబట్టి పొరపాటు పక్క స్థానాన్ని దాటదు.

అయితే చక్రం చెప్పేది ఒక చుట్టులోని స్థానమే. ఎన్ని చుట్లు తిరిగిందో గుర్తుంచుకోవడానికి చాలా యంత్రాల్లో చిన్న లిథియం బ్యాటరీ ఉంటుంది. బ్యాటరీ తగ్గిందని అలారం వస్తే, యంత్రం తయారీదారు పుస్తకం చూసి, సాధారణంగా కంట్రోల్ సప్లై ఆన్‌లో ఉంచే మార్చండి. సప్లై ఆపి బ్యాటరీ తీస్తే ఆ చుట్ల లెక్క పోయి, జీరో మళ్లీ సెట్ చేయాల్సి వస్తుంది.