పెళ్ళి వీడియోలో లైటు స్టాండును మాయం చేయాలంటే

నలభై సెకన్ల షాటు ఒకటి అనుకుందాం. గింబల్ పట్టుకున్న కెమెరామన్ ఫంక్షన్ హాలు గోడ వెంట నడుస్తూ, అరటి బోదెలూ మామిడాకుల తోరణమూ కట్టిన గుమ్మం దాటి వెళ్తాడు. షాటు చక్కగా వచ్చింది. కానీ గోడకు రెండడుగుల ముందు ఎవరో వదిలేసిన లైటు స్టాండు నిలబడి ఉంది. మధ్యలో ఇద్దరు చుట్టాలు దాని ముందు నుంచే నడిచిపోయారు. పెళ్ళి మళ్ళీ జరగదు కాబట్టి ఆ స్టాండును ఎడిటింగులోనే తీసేయాలి.

ఇలాంటి పనికి చాలామంది వాడేది అడోబి ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోని కంటెంట్ అవేర్ ఫిల్. ఫొటోషాపులో ఇది 2010 నుంచే ఉంది, వీడియోకు 2019లో వచ్చింది. తీసేయాల్సిన వస్తువు చుట్టూ మాస్కు గీసి, దాన్ని Subtract చేస్తే ఫ్రేములో ఆ మేర కన్నం పడుతుంది. తర్వాత Generate Fill Layer నొక్కితే సాఫ్ట్‌వేరు ముందు క్లిప్పులోని కదలికను లెక్కగడుతుంది. ఆ తర్వాత ఒక్కో ఫ్రేముకీ కన్నం పూడ్చి, ఆ పూతలను వరుస బొమ్మలుగా డిస్కులో దాచి, ఒక కొత్త లేయరుగా టైమ్‌లైన్ మీద పెడుతుంది.

పూడ్చడానికి కావలసిన గోడ దానికి ఎక్కడ దొరుకుతుంది? సాధ్యమైనంతవరకు అదే క్లిప్పులోని వేరే ఫ్రేముల్లో. ఫలితం బాగా రావడం, రాకపోవడం ముఖ్యంగా ఇక్కడే తేలుతుంది. కెమెరా నడుస్తోంది, స్టాండు గోడకు ముందుంది కాబట్టి కాసేపట్లో స్టాండు పక్కకు జరిగినట్టయి, దాని వెనక దాగిన గోడ బయటపడుతుంది. ఆ గోడనే తెచ్చి ఇక్కడ అతకవచ్చు. అదే కెమెరా ట్రైపాడ్ మీద ఉండి, ఉన్నచోటే పక్కకు తిరిగిందనుకోండి. స్టాండూ గోడా కలిసి జరుగుతాయి, వెనకున్నది ఒక్క ఫ్రేములోనూ కనిపించదు. అప్పుడు సాఫ్ట్‌వేరు చుట్టుపక్కల రంగులను బట్టి ఊహించుకోవాల్సిందే. ఆ ఊహ ఒక్క ఫ్రేములో నమ్మేలా ఉన్నా, వరుసగా నడిచేసరికి పురుగులు పాకినట్టు కదులుతుంది. అందుకే మాస్కు గీయకముందే క్లిప్పును అటూ ఇటూ జరిపి, వెనక గోడ ఎప్పుడైనా బయటపడుతోందా అని చూసుకోవాలి.

మాస్కు దగ్గర పిసినారితనం పనికిరాదు. స్టాండు అంచును ఆనుకుని గీస్తే దాని చుట్టూ ఉన్న మసక గీత కన్నానికి బయటే మిగిలిపోతుంది. సాఫ్ట్‌వేరు దాన్ని కూడా గోడే అనుకుని లోపలికి సాగదీస్తుంది. కొన్ని పిక్సెళ్ళు ఎక్కువ వదలాలి, లేదా Alpha Expansion కొంచెం పెంచాలి. నేల మీద పడిన నీడను మాత్రం మరిచిపోకూడదు. స్టాండు పోయి నీడ మిగిలితే, ఏం తీసేశారో చూసేవాళ్ళకు అదే చెప్పేస్తుంది.

చుట్టాలు అడ్డం వచ్చిన ఆ సెకనున్నర వేరే పని. కన్నం పక్క నుంచి మనిషి నడిస్తే అతని చొక్కా రంగు కూడా పూతలోకి కారుతుంది. ఆ కాసేపు స్టాండుతో పాటు వాళ్ళను కూడా కన్నంలో కలిపేసి, ముందు ఖాళీ గోడను తయారు చేసుకోవడం మేలు. తర్వాత అసలు క్లిప్పు కాపీలోంచి రోటో బ్రష్‌తో చుట్టాలను మాత్రం కత్తిరించి పైన పెడితే సరిపోతుంది. చేతిపని ఎక్కువే, కానీ దీనికి దగ్గరి దారి లేదు.

ఇక సమయం లెక్క. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున నలభై సెకన్లంటే వెయ్యి ఫ్రేములు. ముందుగా ఒక్క సెకను ముక్క మీద ప్రయత్నించి, ఫ్రేముకు ఎంతసేపు పడుతోందో చూడాలి. పదిహేను సెకన్లు పట్టిందనుకుంటే మొత్తం క్లిప్పుకు నాలుగు గంటల పైమాటే. కానీ స్టాండు కనిపించేది పద్నాలుగు సెకన్లే, అంటే 350 ఫ్రేములు. Range దగ్గర Work Area ఎంచుకుని, దాన్ని ఆ పద్నాలుగు సెకన్లకూ, ముందూ వెనకా ఇంకొన్ని ఫ్రేములకూ కుదిస్తే పని గంటన్నరకు దిగుతుంది. దీన్ని వదిలేసి రాత్రంతా మిషన్‌ను నడిపేవాళ్ళు ఎందరో.

ఇంకా తగ్గించవచ్చు. ఈ షాటు 4కే, అంటే 3840 బై 2160. స్టాండు ఏ రెండు మూడు సెకన్లలో చూసినా ఫ్రేములో ఒక వైపే ఉంటుంది. పద్నాలుగు సెకన్లను నాలుగైదు ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో స్టాండు ఉన్న భాగాన్ని 1920 బై 1080 కంపోజిషన్‌లోకి కత్తిరిస్తే లెక్కగట్టాల్సిన పిక్సెళ్ళు నాలుగో వంతే. సమయం సరిగ్గా నాలుగో వంతుకు రాకపోయినా బాగా తగ్గుతుంది. అయితే మరీ ఇరుగ్గా కత్తిరించకూడదు. కత్తిరింపు బయట ఉన్న గోడ సాఫ్ట్‌వేరుకు కనిపించదు, కాబట్టి అతకడానికి సరుకు దొరకదు.

ముక్కలు చేస్తే అతుకుల బాధ ఉంటుంది. రెండు ముక్కలనూ విడివిడిగా పూడిస్తే గోడ మీది మరక ఒకచోట ఎడమకు, మరోచోట కుడికి పడి, అతుకు దగ్గర టక్కున ఎగురుతుంది. పక్కపక్క ముక్కలను పది ఫ్రేముల మేర ఒకదాని మీదికి ఒకటి జరిపి మెల్లగా కలపడం ఒక దారి. దానికన్నా గట్టిది Create Reference Frame. అది నొక్కితే ఆ ఫ్రేము ఫొటోషాపులో తెరుచుకుంటుంది. మొదటి ముక్కలో బాగా కుదిరిన పూత నుంచి అదే ఫ్రేమును తెచ్చి అక్కడ అతికించి, సేవ్ చేసి, రెండో ముక్కను మళ్ళీ పూడ్పించాలి. ఇప్పుడు రెండో ముక్కకు ఏ గోడను చూసి నడవాలో తెలుస్తుంది. తోరణం నీడ లాంటి చిక్కుచోట్ల కూడా చేత్తో గీసిన ఇలాంటి ఒక ఫ్రేము బాగా ఆదుకుంటుంది.

తప్పులను పట్టుకోవడానికి ఆపి చూస్తే చాలదు. పాకే మరకలు కదలికలోనే కనపడతాయి కాబట్టి నూటికి నూరు శాతం సైజులో, మామూలు వేగంతో, తిప్పి తిప్పి చూడాలి. వ్యూయర్ కింద ఉండే ఎక్స్‌పోజరును పెంచితే చీకటిలో దాగిన అంచులు బయటపడతాయి. పూత ఒక్కోసారి ముదురై, ఒక్కోసారి వెలిసి మిణుకుమంటుంటే కారణం తరచుగా వెలుతురు మారడమే. మండపం లైట్లు మారుతుండవచ్చు, కెమెరా ఆటో ఎక్స్‌పోజరులో ఉండవచ్చు. అప్పుడు Lighting Correction ఆన్ చేసి, Subtle నుంచి మొదలుపెట్టాలి. గోడ అంతటా సన్నటి ఇసుకలా నాయిస్ ఉండి, పూత దగ్గర మాత్రం నున్నగా కనిపిస్తే పూత లేయరుకు కాస్త గ్రెయిన్ కలపాలి. రాత్రి తీసిన పెళ్ళిళ్ళలో ఈ తేడా బాగా తెలుస్తుంది.

కొన్నిచోట్ల ఈ పద్ధతి లొంగదు. స్టాండు చివరి రెండు సెకన్లలో గోడ దాటి, గాలికి ఊగే బంతిపూల తెర ముందుకు వచ్చిందనుకోండి. తెర ప్రతి క్షణం ఆకారం మారుస్తుంటుంది, వేరే ఫ్రేము నుంచి తెచ్చిన పూలు ఇక్కడ కుదరవు. నీళ్ళూ పొగా కూడా ఇంతే. అక్కడ గంటలు పోసే కన్నా షాటును రెండు సెకన్ల ముందే కోసి, గుమ్మంలో పన్నీరు చల్లుతున్న క్లోజప్‌కు వెళ్ళిపోవడం మంచి ఎడిటరు చేసే పని. ఆ నిర్ణయం తీసుకున్నాకే రెండరుకు పెట్టాలి, అప్పుడు పూడ్చాల్సింది పన్నెండు సెకన్లే.