కిరండూల్ బండి దిగి... ఆఫీసుకు!

ఉదయం ఏడు లోపే విశాఖలో కిరండూల్ ప్యాసింజర్ కదులుతుంది. అద్దాల పెట్టెల్లో పర్యాటకులు కెమెరాలు సర్దుకుంటుంటారు. సొరంగం రాగానే పిల్లల కేకలు. అదే బండిలో ఒకాయన మాత్రం నిమిషానికోసారి గడియారం చూసుకుంటుంటాడు. అరకులో ఆయన ఉద్యోగం. కాపురం విశాఖలో. నాలుగు గంటల ప్రయాణం... ఆఫీసు పదిన్నరకి!

ఇది అరకు, పాడేరు, అనంతగిరి వైపు పనిచేసేవాళ్లకి తెలియని సంగతేం కాదు. పిల్లల చదువులు కింద, కొలువు కొండమీద. అధికారికీ అది తెలుసు. మొదట్లో చూసీచూడనట్టు ఊరుకుంటాడు. కానీ శుక్రవారం సంతకొచ్చి, పనిలో పనిగా ఓ కాగితం కోసం ఆఫీసు మెట్లెక్కిన గిరిజనుడికి ఖాళీ కుర్చీ కనిపిస్తే? మళ్లీ వారం సంతకి గానీ రాలేడు. సరిగ్గా అక్కడే హెచ్చరిక లేఖ అవసరమవుతుంది.

చాలా ఆఫీసుల్లో ఆ లేఖ ఇలా ఉంటుంది: 'మీరు తరచూ ఆలస్యంగా వస్తున్నారు. పద్ధతి మార్చుకోనిచో కఠిన చర్యలు తీసుకోబడును.' రాసినవాళ్లకి కోపం తీరుతుందేమో గానీ ఫైలుకి ఉపయోగం లేదు. 'తరచూ' అంటే ఎన్నిసార్లు? ఏ తేదీన, ఎన్ని నిమిషాలు? అందుకున్న ఉద్యోగి అడిగే మొదటి ప్రశ్న అదే. జవాబు లేకపోతే లేఖ అక్కడితో సరి.

జవాబు హాజరుపట్టీలో ఉంటుంది. రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాల్లో పది నిమిషాల వెసులుబాటు పాత పద్ధతే. ఆ తర్వాత పట్టీ అధికారి బల్లమీదికి వెళ్లాలి. వచ్చినవాళ్లు అక్కడే వేళ వేసి సంతకం చేయాలి. మూడు ఆలస్యాలకి ఒక క్యాజువల్ లీవు కోత. పట్టీ మధ్యాహ్నందాకా గుమస్తా బల్లమీదే పడుంటే ఇవేవీ నిలవవు. అందరూ పదిన్నరకే వచ్చినట్టు కనిపిస్తారు!

ఓ గుమస్తా సంగతే ఊహించుకుందాం. జూన్‌లో అధికారి పిలిచి నోటిమాటగా చెప్పాడు. ఆ తేదీ డైరీలో రాసుకున్నాడు. జులైలో మళ్లీ ఏడు ఆలస్యాలు. వెంటనే హెచ్చరిక రాయలేదు. ముందు ఏడు తేదీలూ వేసి, వారంలోగా సంజాయిషీ ఇమ్మంటూ మెమో ఇచ్చాడు. కొండల్లో ఈ మెట్టు దాటేయకూడదు. వానాకాలం పట్టాల మీద బండరాళ్లు పడతాయి, ఘాట్‌రోడ్డులో చెట్లు కూలతాయి. గుమస్తా అదే రాశాడు: పది, పదకొండు తేదీల్లో బండి దారిలో ఆగిపోయిందని. అధికారి స్టేషన్లో విచారించాడు. నిజమే. ఆ రెండూ కొట్టేశాడు. మిగిలిన ఐదు రోజులూ బండి వేళకే నడిచింది. ఆలస్యం బండిది కాదు, ఆ బండినే నమ్ముకోవడంలో ఉంది.

అప్పుడొచ్చింది అసలు లేఖ:

'జులై 2, 8, 15, 21, 29 తేదీల్లో మీరు వరుసగా 25, 40, 35, 50, 30 నిమిషాలు, మొత్తం 3 గంటలు ఆలస్యంగా హాజరైనట్లు పట్టీ తెలుపుచున్నది. జూన్‌లో మౌఖికంగా చెప్పడమైనది. మీ సంజాయిషీని పరిశీలించి 10, 11 తేదీలను మినహాయించడమైనది. మిగిలిన ఐదింటికి మీరు చూపిన కారణం అంగీకారయోగ్యం కాదు. నిబంధన మేరకు ఒక క్యాజువల్ లీవు తగ్గించడమైనది. ఆగస్టు 11 నుంచి 10.30కి హాజరు కావలెను. సెప్టెంబరు 30న మీ హాజరును తిరిగి సమీక్షించెదము. ఇట్లే కొనసాగినచో క్రమశిక్షణ నిబంధనల ప్రకారం చర్య ప్రారంభింపబడును.'

ఇందులో ఒక్క తిట్టూ లేదు. 'బాధ్యతారాహిత్యం', 'సోమరితనం' లాంటి మాటలూ లేవు. అవి అధికారి అభిప్రాయాలు, పట్టీలో కనిపించవు. 'ఉద్యోగం ఊడుతుంది' అన్న బెదిరింపూ లేదు. ఎందుకంటే ఐదు ఆలస్యాలకి అంత శిక్ష వేయలేరు. వేయలేనిది రాస్తే లేఖ బలమే పోతుంది.

ఇంకో తిరకాసుంది. ఆంధ్రప్రదేశ్ 1991 నాటి సివిల్ సర్వీసుల క్రమశిక్షణ నిబంధనల్లో శిక్షల పట్టిక 'అభిశంసన'తో మొదలవుతుంది. 'హెచ్చరిక' ఆ పట్టికలో లేదు. అంటే అది శిక్ష కాదు, దిద్దుకోమని చెప్పడం. అభిశంసన వేయాలంటే అభియోగం రాతపూర్వకంగా తెలిపి, జవాబు వినాలి. కొందరు అధికారులు హెచ్చరిక లేఖలోనే 'అభిశంసించడమైనది' అని రాసేస్తారు. ఆ ఒక్క మాటతో ఉద్యోగికి అప్పీలు దారి దొరుకుతుంది.

యంత్రాలొచ్చినా చిక్కు తీరలేదు. 2022 ఆగస్టులో రాష్ట్రంలోని బడుల్లో ఫోనుతో ముఖం చూపి హాజరు వేయడం మొదలైంది. సిగ్నల్ అందని ఏజెన్సీ గూడేల్లో ఫోను చూపే వేళే చివరిమాట అనుకుంటే వేళకొచ్చినవాళ్లూ ఆలస్యమైనట్టే లెక్క. అలాంటిచోట పక్కన కాగితం పట్టీ కూడా చూడాల్సిందే.

ఇక లేఖ ఇచ్చే తీరు. నోటీసు బోర్డుకి అంటించకూడదు, నలుగురి ముందు చదవకూడదు. గదిలోకి పిలిచి చేతికిచ్చి, నకలు మీద తేదీతో సంతకం తీసుకోవాలి. తీసుకోనంటే 'నిరాకరించారు' అని రాసి సాక్షి సంతకం పెట్టించాలి. అన్నిటికన్నా ముందు, అదే బండి దిగి అదే వేళకొచ్చే పక్క సీటాయనకీ అదే మెమో వెళ్లిందో లేదో చూసుకోవాలి. వెళ్లకపోతే గుమస్తా సంజాయిషీలో మొదటి వాక్యం ఆయన పేరే అవుతుంది.

మన గుమస్తా సంతకం చేసి, ఆ సాయంత్రమే అరకులో అద్దెగది కోసం వాకబు మొదలుపెట్టాడనుకుందాం. సీజన్లో పర్యాటకులకిచ్చే గదుల ధర విని మళ్లీ బండెక్కితే... సెప్టెంబరు 30న అధికారి మళ్లీ పట్టీ తెరవాలి.