కంచె లెక్కలో హద్దులు

కలన గణితం వర్క్‌షీట్లలో కంచె లెక్క తరచూ ఎదురవుతుంది. కాలువ పక్కన పొలం. కాలువ వైపు కంచె అక్కర్లేదు. మిగతా మూడు వైపులకూ కలిపి 100 మీటర్ల కంచె ఉంది. దీర్ఘచతురస్రంగా కడితే గరిష్ఠంగా ఎంత వైశాల్యం వస్తుంది?

కాలువ నుంచి లోపలికి వెళ్లే రెండు వైపులూ x మీటర్ల చొప్పున అనుకుంటే, కాలువ వెంబడి ఉండే వైపుకు 100 − 2x మిగులుతుంది. వైశాల్యం A = 100x − 2x². x కాస్త పెరిగితే A ఏ రేటున మారుతుందో చెప్పేది అవకలజం. ఇక్కడ అది 100 − 4x. దాన్ని సున్నా చేస్తే x = 25. పొలం 25 × 50, వైశాల్యం 1250 చదరపు మీటర్లు.

x విలువ 0 నుంచి 50 దాకా ఉండొచ్చు. ఆ రెండు కొసల్లోనూ వైశాల్యం సున్నాయే. అందుకే కొసలు చూడడం మార్కుల కోసం రాసే తంతు అనిపిస్తుంది.

ఇప్పుడు ప్రశ్నలో ఒక్క వాక్యం చేరుద్దాం: కాలువ వెంబడి రైతుకున్న భూమి 40 మీటర్లే. పాత జవాబు ప్రకారం కంచె వేస్తే పక్కవాడి చేలోకి 10 మీటర్లు వెళ్తుంది, ఇక పంచాయితీ తప్పదు! 100 − 2x అనేది 40 దాటకూడదంటే x కనీసం 30 ఉండాలి. 25 ఆ హద్దులోనే లేదు. 30 నుంచి 50 మధ్య అవకలజం అంతటా రుణాత్మకం, అంటే x పెరిగేకొద్దీ వైశాల్యం తగ్గుతూ పోతుంది. కాబట్టి గరిష్ఠం మొదటి కొసలోనే: 30 × 40 = 1200. అక్కడ అవకలజం −20. సున్నా కాకపోయినా గరిష్ఠం అదే.

అవకలజాన్ని సున్నా చేసే సమీకరణానికి పొలం హద్దులు తెలియవు. వాటిని ప్రశ్నలోని మాటల నుంచి మనమే పట్టుకోవాలి, అదీ అవకలజం జోలికి వెళ్లకముందే.

ఇంకో లెక్క మరీ టక్కరిది. 100 సెంటీమీటర్ల తీగను రెండు ముక్కలు చేసి, ఒకదాన్ని వృత్తంగా, మరొకదాన్ని చతురస్రంగా వంచాలి. మొత్తం వైశాల్యం గరిష్ఠం కావాలంటే ఎక్కడ కోయాలి? వృత్తానికి దాదాపు 44 సెంటీమీటర్లు ఇచ్చినప్పుడు అవకలజం సున్నా అవుతుంది. చాలామంది అక్కడే ఆగి, 350 చదరపు సెంటీమీటర్లని జవాబు రాసేస్తారు. అది గరిష్ఠం కాదు, కనిష్ఠం. తీగంతా చతురస్రానికే వాడితే 625 వస్తుంది, వృత్తానికే వాడితే సుమారు 796. ద్వితీయ అవకలజం ధనాత్మకంగా రావడమే ముందస్తు హెచ్చరిక.

అయితే రెండు ఆకారాలూ చేసి తీరాలని ప్రశ్న పట్టుబడితే కొసలు రెండూ పోతాయి. చతురస్రానికి ఎంత చిన్న ముక్క మిగిల్చినా, అంతకంటే చిన్నది మిగిల్చి వైశాల్యం ఇంకాస్త పెంచొచ్చు. 796 దగ్గరికి వెళ్తూనే ఉంటాం గానీ చేరుకోలేం. అప్పుడు ఆ ప్రశ్నకు సరైన జవాబు ‘గరిష్ఠం లేదు’.